“షెడ్యూలు ఆస్తి” అంటే ఏది? ఒప్పంద పత్రాల్లో గుర్తుల పని

ఫ్లాటు కొనేవారి చేతికొచ్చే విక్రయ ఒప్పందంలో మొదటి పేజీ నుంచే బ్రాకెట్లు మొదలవుతాయి. అమ్మే సంస్థ పేరు, చిరునామా, పాన్ నంబరు అయ్యాక ఒక బ్రాకెట్టు వస్తుంది. అందులో ‘ఇకపై “ప్రమోటరు” అని వ్యవహరింపబడువారు’ అని ఉంటుంది. కొనేవారి వివరాల తర్వాత మరో బ్రాకెట్టు. భూమి వివరాల తర్వాత ఇంకొకటి. వీటి మధ్య కొన్ని మాటలు బొద్దుగా, కొన్ని కొటేషన్ గుర్తుల్లో, కొన్ని రెండూ కలిపి కనిపిస్తాయి. చాలామంది వీటిని అలంకారం అనుకుని దాటేస్తారు. ధర ఎంత, స్వాధీనం ఎప్పుడు అన్న చోటికే చూపు వెళుతుంది. కానీ ఆ ధరలో ఏమేం చేరాయో, స్వాధీనం చేయాల్సింది దేన్నో తేల్చేది ఆ బ్రాకెట్లలోని మాటలే.

2016 నాటి రియల్ ఎస్టేటు చట్టం, అంటే అందరూ రెరా అనే చట్టం, 13వ సెక్షన్‌లో ఒక నియమం పెట్టింది. రాతపూర్వక ఒప్పందం చేసుకుని, దాన్ని రిజిస్టరు చేయించేదాకా ప్రమోటరు ఫ్లాటు ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. ఆ ఒప్పందం ఎలా ఉండాలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు 2017లో తెచ్చిన నిబంధనల్లో నమూనా ఇచ్చాయి. దాంతో మామూలు కుటుంబాలు కూడా నిర్వచనాల క్లాజు ఉన్న పత్రం మీద సంతకం పెట్టే రోజులొచ్చాయి. నమూనా ఇంగ్లిషులో సవ్యంగానే ఉంటుంది. దాన్ని తెలుగులోకి తెచ్చేటప్పుడు, పాత ఫైలు మీద కొత్త వివరాలు అతికించేటప్పుడు గుర్తులు చెదిరిపోతాయి.

చట్టాలు ఈ పని ఎలా చేస్తాయో ముందు చూడాలి. భారత చట్టాల్లో నిర్వచించే పదం కొటేషన్ గుర్తుల్లో ఉంటుంది, బొద్దుగా ఉండదు. రెరా చట్టం 2వ సెక్షన్‌లోని కె క్లాజు “కార్పెట్ ఏరియా” అన్న మాటను కొటేషన్లలో పెట్టి, దాని అర్థం చెబుతుంది: ఫ్లాటులో నికరంగా వాడుకోదగ్గ విస్తీర్ణం. బయటి గోడలు, సర్వీసు షాఫ్టులు, సొంత బాల్కనీ, సొంత ఓపెన్ టెర్రస్ అందులో చేరవు. లోపలి గదుల మధ్య గోడలు చేరతాయి. ఆ సెక్షన్‌లో నిర్వచించే పదాన్ని బ్రాకెట్లలో పెట్టరు, కొటేషన్లలోనే పెడతారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోనూ ఇదే పద్ధతి. ప్రతిపాదన చేసేవారిని “ప్రామిసర్” అని, అంగీకరించేవారిని “ప్రామిసీ” అని చెప్పిన చోట ఆ రెండు మాటలూ కొటేషన్లలోనే ఉన్నాయి.

ఇతర దేశాలు వేరే దారులు ఎంచుకున్నాయి. ఆస్ట్రేలియా సమాఖ్య చట్టాల్లో కొటేషన్లు లేవు, నిర్వచించే పదాన్ని బొద్దుగా, వాలుగా ముద్రిస్తారు. న్యూజిలాండ్‌లో కొటేషన్లు లేకుండా బొద్దు అక్షరాలే. అమెరికాలో, బ్రిటన్‌లో కొటేషన్లు. ఇన్ని దారులున్నాయంటే ఒకే గుర్తు సరైనదని కాదు. అయితే ఏ దేశమూ ఒకే చట్టంలో ఒక పదానికి కొటేషన్లు, పక్క పదానికి బోల్డు, మూడో పదానికి బ్రాకెట్టు వాడదు. చదివేవారు ఒకసారి గుర్తు పడితే చట్టం చివరిదాకా ఆ గుర్తుకు అదే అర్థం.

చెదిరిన గుర్తులు ఏం చేస్తాయో ఒక నమూనా ఒప్పందంలో చూడొచ్చు. కింది నాలుగు క్లాజులు ఊహించి రాసినవే కానీ, ఇలాంటివి ఎన్నో పత్రాల్లో కనిపిస్తాయి.

1. మూడో అంతస్తులోని 302 నంబరు ఫ్లాటు, దానికి కేటాయించిన ఒక కారు పార్కింగు, 45 చదరపు గజాల అవిభక్త భూమి వాటా (ఇకపై షెడ్యూలు ఆస్తి).

4. మొత్తం ధర చెల్లించిన 30 రోజుల్లో ప్రమోటరు “సదరు ఫ్లాటు”ను కొనుగోలుదారుకు స్వాధీనం చేయాలి.

7. స్వాధీనం తేదీ నుంచి ఆస్తి మీద పన్నులన్నీ కొనుగోలుదారు చెల్లించాలి.

9. [షెడ్యూలు ఆస్తి]లో నిర్మాణ లోపాలు బయటపడితే ప్రమోటరు సరిచేయాలి.

ఒకే వస్తువు గురించే అన్నట్టున్న ఈ నాలుగు క్లాజుల్లో నాలుగు రకాల గుర్తులు, మూడు పేర్లు ఉన్నాయి. 4వ క్లాజులో “సదరు ఫ్లాటు” కొటేషన్లలో ఉంది కాబట్టి, దానికి ఎక్కడో నిర్వచనం ఉందని చదివేవారు వెతుకుతారు. పత్రమంతా వెతికినా దొరకదు. 7వ క్లాజులో ‘ఆస్తి’ బొద్దుగా ఉంది. అది నిర్వచించిన పదమా, లేక టైపు చేసినవారు ముఖ్యమనుకుని నొక్కి చూపిన మాటా అన్నది తెలియదు. 9వ క్లాజులోని చదరపు బ్రాకెట్టుది మరో చిక్కు. ముసాయిదాల్లో చదరపు బ్రాకెట్టు అంటే ‘ఈ మాట ఇంకా ఖాయం కాలేదు, తర్వాత నింపాలి లేదా తేల్చాలి’ అని అర్థం. సంతకాలు అయ్యాక కూడా అది మిగిలిపోతే, పత్రంలో ఏదో తేలకుండా ఉండిపోయిందన్న అనుమానం వస్తుంది.

ఇక్కడ నష్టం చూపుకే కాదు, జేబుకూ తగులుతుంది. 1వ క్లాజు ప్రకారం షెడ్యూలు ఆస్తిలో పార్కింగు ఉంది. 4వ క్లాజు ప్రకారం స్వాధీనం చేయాల్సింది “సదరు ఫ్లాటు”ను. ప్రమోటరు తాళాలు ఇచ్చి, పార్కింగు స్థలం ఇంకా సిద్ధం కాలేదంటే, ఒప్పందం మేరకు స్వాధీనం పూర్తయినట్టా కానట్టా? వేరు వేరు మాటలు వాడారంటే వేరు వేరు అర్థాలు ఉద్దేశించారనే పత్రాలు చదివేవారు మొదట అనుకుంటారు. ఆ అవకాశం ప్రమోటరు తరఫు వకీలు వదులుకోడు. కొనుగోలుదారు తరఫు వకీలు, ఇవన్నీ ఒకటేనని పత్రం మొత్తం చూపించి వాదించాలి. నిర్వచించిన చోట ఒక గుర్తు, తర్వాత అంతటా ఒకే పేరు ఉంటే ఈ వాదనే పుట్టదు.

దిద్దడానికి పెద్ద కసరత్తు అక్కర్లేదు. ఒక్కో గుర్తుకు ఒక్కో పని అప్పగించాలి. కొటేషన్, బోల్డు కలిసి ‘ఈ మాటకు అర్థం ఇక్కడే పెడుతున్నాం’ అని చెబుతాయి. అందుకే అవి ఒక పదానికి పత్రం మొత్తంలో ఒక్కసారే రావాలి. గుండ్రటి బ్రాకెట్టు వాక్యం మధ్యలో పేరు పెట్టాల్సి వచ్చినప్పుడు ఆ పేరును పట్టుకుంటుంది. నిర్వచనాల క్లాజులో ‘అంటే’ అని విడిగా చెప్పే చోట బ్రాకెట్టు అవసరం లేదు. చదరపు బ్రాకెట్టు ముసాయిదా దశకే. తర్వాత ఎక్కడ వాడినా పదానికి ఏ గుర్తూ ఉండదు.

ఈ చివరి నియమాన్నే ఎక్కువమంది తప్పుతారు. వచ్చిన ప్రతిచోటా పదాన్ని కొటేషన్లలో పెడితే జాగ్రత్తగా రాసినట్టు అనిపిస్తుంది. కానీ ఇరవై చోట్ల కొటేషన్లు ఉన్నప్పుడు, అసలు నిర్వచనం వాటిలో ఎక్కడుందో కన్ను పట్టుకోలేదు. గుర్తు ఒక్కచోటే ఉంటే, పేజీలు తిప్పుతూ వెతికేవారికి ఆ చోటు వెంటనే దొరుకుతుంది.

దిద్దిన క్లాజులు ఇలా ఉంటాయి.

1. మూడో అంతస్తులోని 302 నంబరు ఫ్లాటు, దానికి కేటాయించిన ఒక కారు పార్కింగు, 45 చదరపు గజాల అవిభక్త భూమి వాటా, ఈ మూడూ కలిపి (“షెడ్యూలు ఆస్తి”).

4. మొత్తం ధర చెల్లించిన 30 రోజుల్లో ప్రమోటరు షెడ్యూలు ఆస్తిని కొనుగోలుదారుకు స్వాధీనం చేయాలి.

7. స్వాధీనం తేదీ నుంచి షెడ్యూలు ఆస్తి మీద పన్నులన్నీ కొనుగోలుదారు చెల్లించాలి.

9. షెడ్యూలు ఆస్తిలో నిర్మాణ లోపాలు బయటపడితే ప్రమోటరు సరిచేయాలి.

1వ క్లాజులో కొత్తగా చేరిన ‘ఈ మూడూ కలిపి’ అన్న మాటను గమనించాలి. బ్రాకెట్టులో పేరు పెట్టేటప్పుడు పెద్ద ప్రమాదం ఇక్కడే ఉంది. జాబితా చివర (“షెడ్యూలు ఆస్తి”) అని పెడితే అది మూడింటికీ పేరా, లేక బ్రాకెట్టుకు ఆనుకుని ఉన్న భూమి వాటాకు మాత్రమే పేరా? రెండు రకాలుగానూ చదవొచ్చు. ఒక్క వస్తువుకే పేరు పెట్టదలిస్తే బ్రాకెట్టును ఆ వస్తువు పక్కనే పెట్టాలి. మొత్తానికి పెట్టదలిస్తే ‘ఇవన్నీ కలిపి’ అని చెప్పి, తర్వాత బ్రాకెట్టు తెరవాలి. పాత దస్తావేజుల అలవాటు ప్రకారం ‘ఇకపై’ అని రాయదలిస్తే రాయవచ్చు. ప్రమోటరుకు రాసి, కొనుగోలుదారుకు మానేస్తేనే తేడా.

ఇక్కడ తెలుగుకు ఎదురయ్యే ఒక ఇబ్బంది ఉంది. ఇంగ్లిషు ఒప్పందాల్లో నిర్వచించిన పదం తర్వాత ఎక్కడ వచ్చినా పెద్ద అక్షరంతో మొదలవుతుంది. కొటేషన్లు, బోల్డు తీసేసినా ఆ పెద్ద అక్షరం చాలు, ఇది నిర్వచించిన మాట అని తెలిసిపోతుంది. తెలుగు లిపిలో పెద్ద, చిన్న అక్షరాలు లేవు. కాబట్టి ‘ధర’ అన్న మాటను నిర్వచించి, తర్వాత ‘మార్కెట్ ధర’, ‘సిమెంటు ధర’ అని మామూలుగా కూడా వాడితే రెండూ కలగలిసిపోతాయి. ఈ భయంతోనే తెలుగులో రాసేవారు ప్రతిచోటా కొటేషన్లో, బోల్డో వాడుతుంటారు.

ఈ ఇబ్బందికి మరో దేశంలో ఒక పరిష్కారం ఉంది. ఆస్ట్రేలియా 1997 ఆదాయపు పన్ను మదింపు చట్టంలో, నిర్వచించిన పదాల ముందు చిన్న నక్షత్రం గుర్తు పెడతారు. సాధారణంగా ప్రతి ఉపసెక్షన్‌లో ఆ పదం మొదటిసారి వచ్చినప్పుడు పెట్టి, మళ్లీ మళ్లీ పెట్టరు. వేల పేజీల చట్టానికి అది పనికొస్తుంది. పది పదిహేను పేజీల తెలుగు ఒప్పందానికి అంత హంగు అవసరం లేదు. రోజువారీ మాటల్లో కలిసిపోని పేరును ఎంచుకుంటే సరిపోతుంది. ‘ఆస్తి’ బదులు ‘షెడ్యూలు ఆస్తి’, ‘ధర’ బదులు ‘మొత్తం ధర’, ‘తేదీ’ బదులు ‘స్వాధీనం తేదీ’ అనుకుంటే ఆ రెండు మాటల జంటే పెద్ద అక్షరం చేసే పని చేస్తుంది. ఆ జంటను మామూలు అర్థంలో ఎక్కడా వాడకపోతే గుర్తు లేకున్నా పదం తప్పిపోదు.

విభక్తి ప్రత్యయాలు ఇంకో మెలిక. తెలుగులో పదం ఒంటరిగా ఉండదు. ఆస్తి కాస్తా ఆస్తిని, ఆస్తికి, ఆస్తిలో అవుతుంది. కొటేషన్ గుర్తుల మధ్య ఉన్నదంతా నిర్వచించిన పేరే. అందుచేత అక్కడ ప్రత్యయం లేని మూలరూపమే ఉండాలి. “షెడ్యూలు ఆస్తిని” అంటే అని ఏ నిర్వచనమూ మొదలు కాదు. బ్రాకెట్టు వాడేటప్పుడు ప్రత్యయాన్ని బయటి మాటకు చేర్చాలి: ‘302 నంబరు ఫ్లాటును (“ఫ్లాటు”) ప్రమోటరు నిర్మించాలి’ అని రాయాలి. ‘302 నంబరు ఫ్లాటు (“ఫ్లాటు”)ను’ అని బ్రాకెట్టు తర్వాత ప్రత్యయాన్ని వేలాడదీస్తే చదివే నాలుక తడబడుతుంది. కామా, ఫుల్‌స్టాపు కూడా పేరులో భాగం కావు కాబట్టి, అవి కొటేషన్ గుర్తు బయటే ఉండాలి.

బోల్డు విషయంలో లిపి తన షరతులు పెడుతుంది. తెలుగు ఫాంట్లలో కొన్నింటికి బొద్దు రూపం విడిగా గీసి ఉండదు. అప్పుడు బోల్డు బటన్ నొక్కితే కంప్యూటరు గీతలను కృత్రిమంగా లావు చేస్తుంది. వత్తుల మధ్య సందులు మూసుకుపోయి, ‘క్ష్మి’, ‘స్త్రీ’ వంటి అక్షరాలు ముద్దగా కనిపిస్తాయి. అలాంటి పేజీని రెండుసార్లు జిరాక్సు తీస్తే చదవడమే కష్టమవుతుంది. నోటో సాన్స్ తెలుగు, నోటో సెరిఫ్ తెలుగు వంటి ఫాంట్లకు బొద్దు రూపాలు విడిగా ఉన్నాయి. వాలు అక్షరాల సంప్రదాయం తెలుగు ముద్రణలో లేదు కాబట్టి, ఆస్ట్రేలియా పద్ధతి మనకు అతకదు. అసలు ఒక్క గుర్తునే ఎంచుకోవాల్సి వస్తే కొటేషన్లను ఎంచుకోవడం మేలు. క్లాజును కాపీ చేసి ఫోనులో మెసేజీగా పంపితే బోల్డు సాధారణంగా రాలిపోతుంది, కొటేషన్ గుర్తు మాత్రం ఒక అక్షరంలా వెంట వస్తుంది.

ఆ కొటేషన్ గుర్తుల్లోనూ రెండు జాతులున్నాయి. ఒకటి నిటారుగా ఉండే ", రెండోది తెరిచే, మూసే రూపాలు వేరుగా ఉండే “ ”. టైపు చేస్తుంటే వర్డ్ చాలాసార్లు నిటారు గుర్తును వంపు గుర్తుగా మార్చేస్తుంది. వేరే చోటు నుంచి అతికించిన పాఠంలో నిటారువే ఉండిపోతాయి. అలా ఒకే పేజీలో రెండు జాతులూ చేరితే, ఆ పత్రం ముక్కలు ముక్కలుగా కూర్చినదని అనుభవమున్న కన్ను ఇట్టే పసిగడుతుంది. ఎక్కడ అతికించారో అక్కడే పాత ఒప్పందంలోని పేర్లు కూడా మిగిలి ఉండే అవకాశం ఎక్కువ. కాబట్టి గుర్తుల తేడా కనిపించిన క్లాజును మొదటి నుంచి మళ్లీ చదవాలి.

తనిఖీకి వర్డ్‌లో ఉన్న సౌకర్యం చాలు. Find పెట్టెలో Use wildcards ఎంచుకుని ఈ నమూనా ఇస్తే, కొటేషన్ల మధ్య ఉన్న మాటలు ఒక్కొక్కటే బయటపడతాయి.

```
[“"]*[”"]
```

దొరికిన ప్రతి పదాన్నీ ఒక కాగితం మీద రాసుకోవాలి. ఒకే పదం రెండుసార్లు జాబితాకెక్కితే, రెండుచోట్ల నిర్వచించారని గానీ, తర్వాతి వాడుకలో అనవసరంగా కొటేషన్లు పెట్టారని గానీ అర్థం. ఆ తర్వాత అదే పెట్టెలో బోల్డు అక్షరాలను వెతికి, కొటేషన్లు లేని బొద్దు మాటలను పట్టుకోవాలి. శీర్షికలు తప్ప మిగతావి దాదాపు అన్నీ దిద్దాల్సినవే. చివరగా, జాబితాలోని పదాలు క్లాజుల్లో నిజంగా వాడారో లేదో చూడాలి. ఇక్కడ మూలరూపంతో వెతికితే కొన్ని జారిపోతాయి. ‘ఒప్పందం’ అని వెతికితే ‘ఒప్పందాన్ని’ దొరకదు, ‘స్థలం’ అని వెతికితే ‘స్థలానికి’ దొరకదు. ‘ఒప్పంద’, ‘స్థల’ అన్న ముక్కలతో వెతకాలి. ఫ్లాటు, ఫ్లాట్ అనీ, కొనుగోలుదారు, కొనుగోలుదారుడు అనీ రెండేసి రూపాలు దొర్లాయేమో కూడా అప్పుడే తెలుస్తుంది.

పత్రాలు తరచూ తయారుచేసేవారికి ఇంతకన్నా సులువైన దారి, నిర్వచించిన పదాలకు ఒక కేరక్టర్ స్టైల్ పెట్టుకోవడం. ఆ స్టైల్ మారిస్తే పత్రంలోని నిర్వచనాలన్నీ ఒకేసారి మారతాయి. ఒక్క జాగ్రత్త అవసరం: వర్డ్ తెలుగును Complex scripts కింద లెక్కిస్తుంది. స్టైల్ తాలూకు ఫాంట్ పెట్టెలో ఆ భాగం విడిగా కనిపిస్తే, బోల్డును అక్కడ కూడా ఎంచుకోవాలి. లేకపోతే ఇంగ్లిషు మాటలు బొద్దుగా మారి, తెలుగు మాటలు మామూలుగానే ఉండిపోతాయి.

గుర్తులు చేయలేని పని కూడా ఉంది. చట్టాల అర్థం తేల్చడంలో విరామ చిహ్నాలది చిన్న పాత్రేనని సుప్రీంకోర్టు 1952లో అశ్వినీ కుమార్ ఘోష్ కేసులో చెప్పింది. బోల్డు పెట్టినంత మాత్రాన నిర్వచనం లేని పదానికి నిర్వచనం పుట్టదు. కొటేషన్ మరిచినంత మాత్రాన ఉన్న నిర్వచనం చెల్లకుండానూ పోదు. “కార్పెట్ ఏరియా” లాంటి మాటకు ఒప్పందంలో సొంత అర్థం రాసి అందంగా కొటేషన్లు పెట్టినా, రెరా చట్టం ఇచ్చిన అర్థం నుంచి ప్రమోటరు తప్పించుకోలేడు. కాబట్టి గుర్తులు దిద్దేటప్పుడే, వాటి మధ్య ఉన్న అర్థం చట్టంతో సరిపోయిందో లేదో పోల్చుకోవాలి.

ఇవన్నీ ముసాయిదా దశలోనే జరగాలి. ఒప్పందం రిజిస్టరు అయ్యాక “సదరు ఫ్లాటు”ను షెడ్యూలు ఆస్తిగా మార్చాలంటే ఫైలు తెరిచి దిద్దితే సరిపోదు. రెండు పక్షాలూ కలిసి సవరణ దస్తావేజు రాసుకుని, దాన్నీ రిజిస్టరు చేయించాలి. అప్పటికి రెండో పక్షం ఒప్పుకుంటుందన్న నమ్మకం ఉండదు. అందుకే సంతకానికి ముందు వచ్చే ముసాయిదాను కొనేవారు సాఫ్ట్ కాపీగా అడిగి తీసుకోవడం మంచిది. కాగితం మీద కనిపించని తేడాలు, పైన చెప్పిన వెతుకులాటలో పది నిమిషాల్లో తేలిపోతాయి.